జీఎస్టీకి ఇంటి ఓనరు ఇచ్చే ఎన్‌ఓసీ: ఎలా ఉంటే చెల్లుతుంది, ఆఫీసులో ఏం చూస్తారు

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటూ చీరల ఆన్‌లైన్ వ్యాపారం మొదలుపెట్టాను. జీఎస్టీ దరఖాస్తులో ఓనరు సంతకం చేసిన ఎన్‌ఓసీ, కరెంటు బిల్లు పెట్టాను. బిల్లు ఓనరుగారి నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన చనిపోయారు. ఇప్పుడు వివరణ అడుగుతూ REG-03 నోటీసు వచ్చింది. ఎన్‌ఓసీ నోటరీ చేయించి పెడితే సరిపోతుందా? అసలు వాళ్లు ఏం చూసి కాదంటారు?

జవాబు:

నోటరీ చేయించినా మీ సమస్య తీరదు. కాగితం మీద సంతకం ఫలానా మనిషిదేనని నోటరీ చెబుతాడు. ఆ మనిషికి ఆ ఇంటి మీద హక్కు ఉందో లేదో చెప్పడు. మీ నోటీసు వచ్చింది సంతకం మీద అనుమానంతో కాదు, హక్కు కనిపించకపోవడం వల్ల. ఆఫీసరు ముందు రెండు కాగితాలున్నాయి. ఎన్‌ఓసీ మీద ఒక పేరు, కరెంటు బిల్లు మీద ఇంకో పేరు. ఆ రెండు పేర్లను కలిపే కాగితం మీ దరఖాస్తులో లేదు.

దీనికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మీరు అద్దె కడుతున్నారు. అద్దె కట్టేవాళ్లకు ఎన్‌ఓసీ ప్రధాన పత్రమే కాదు. జీఎస్టీ నిబంధనల్లో స్థలానికి ఏ పత్రాలు కావాలో చెప్పినచోట "ఎన్‌ఓసీ" అనే మాట కూడా కనబడదు. రిజిస్ట్రేషన్ ఫారం REG-01తో జతచేయాల్సిన పత్రాల జాబితాలో స్థలాన్ని బట్టి దారులు వేరువేరుగా ఉన్నాయి. సొంత స్థలమైతే ఆస్తిపన్ను రసీదో, మునిసిపల్ ఖాతా నకలో, కరెంటు బిల్లో ఏదో ఒకటి చాలు. అద్దెదైతే అమల్లో ఉన్న అద్దె ఒప్పందం, దానితోపాటు అద్దెకిచ్చినవారే యజమాని అని చూపే పత్రం ఒకటి. ఈ రెండింటిలోకీ రానివాటికి, అంటే అద్దె లేకుండా భార్య, తండ్రి, అన్న, స్నేహితుడు వాడుకోమన్న స్థలానికి, సమ్మతి పత్రం, యాజమాన్య పత్రం. మనం ఎన్‌ఓసీ అని పిలిచేది ఈ మూడో దారిలోని సమ్మతి పత్రాన్నే.

పోర్టల్‌లో Principal Place of Business పేజీలో Nature of possession of premises అని ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. Own, Leased, Rented, Consent, Shared, Others అని అందులో కనిపిస్తాయి. అక్కడ Rented ఎంచుకుని ఒప్పందం లేకుండా ఎన్‌ఓసీ ఒక్కటే పెడితే నోటీసు దాదాపు ఖాయం. చాలామందికి ఇక్కడ ఒక ఉపాయం చెబుతుంటారు: Consent అని పెట్టెయ్యండి, ఓనరుతో "అద్దె లేకుండా ఇచ్చాను" అని రాయించండి, ఒప్పందం గొడవే ఉండదు అని. దయచేసి అలా చేయకండి. రేపు ఆఫీసరు ఓనరుకి ఫోన్ చేస్తే ఆయన "నెలనెలా అద్దె కడతారండీ, మంచివాళ్లు" అనే అంటారు. మీ గురించి మంచిగా చెప్పాలనే ఆయన ఉద్దేశం, కానీ ఆ ఒక్క మాటతో మీ కాగితం అబద్ధమైపోతుంది. రిజిస్ట్రేషన్ వచ్చాక బయటపడినా, తప్పుడు వివరాలతో తెచ్చుకున్నారని రద్దు చేయొచ్చు, అదీ వెనకటి తేదీ నుంచి. అప్పుడు మీ దగ్గర సరుకు కొన్నవారి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా చిక్కుల్లో పడుతుంది.

మరి అద్దెకున్నవారికి ఎన్‌ఓసీతో పనే లేదా అంటే, ఉంది. మన దగ్గర ఇళ్ల అద్దె ఒప్పందాలు ఎక్కువగా పదకొండు నెలలకి, అచ్చు కాగితం మీద ఖాళీలు నింపి రాసుకునేవి. వాటిలో "నివాసానికి మాత్రమే" అనే వాక్యం దాదాపు ప్రతి దానిలో ఉంటుంది. ఆ ఒప్పందం పెట్టి అక్కడే వ్యాపారం చేస్తానంటే రెండూ పొసగవు. ఆ వాక్యాన్ని సడలిస్తూ, వ్యాపారానికి నాకు అభ్యంతరం లేదని ఓనరు ఇచ్చే కాగితమే మీకు కావలసిన ఎన్‌ఓసీ. అంటే అది ఒప్పందానికి తోడుగా ఉండాలి, బదులుగా కాదు. ఒప్పందం తేదీ కూడా ఒకసారి చూసుకోండి. పదకొండు నెలలు దాటిపోయి, నోటిమాట మీద కొనసాగుతున్న ఒప్పందాన్ని "అమల్లో ఉన్నది" అనరు. దరఖాస్తు నాటికి గడువు మిగిలి ఉండాలి.

ఇక ఆ కాగితం ఎలా ఉండాలో చూద్దాం. ఏ ఆస్తి, ఎవరిది, ఎవరికి ఇస్తున్నారు, దేనికి ఇస్తున్నారు అనే నాలుగు సంగతులు అందులో ఇంకో అర్థానికి తావులేకుండా ఉండాలి. మీ ఓనరు ఇచ్చిన కాగితం బహుశా "మా ఇంట్లో ఉంటున్న ఫలానావారు వ్యాపారం చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అన్నంతవరకే ఉండి ఉంటుంది. ఏ ఇల్లు? ఆయనకి మూడు ఇళ్లు ఉండొచ్చు. ఏ వ్యాపారం? దేని కోసం ఈ కాగితం? దానికంటే ఇలా ఉంటే మేలు:

> నేను, ఫలానా, తండ్రి పేరు ఫలానా, ఇంటి నంబరు ____, వీధి ____, ప్రాంతం ____, హైదరాబాద్, పిన్ ____ లోని ఇంటికి యజమానిని. ఈ ఇల్లు ఆస్తిపన్ను నంబరు ____ కింద నా పేరున నమోదై ఉంది. ఈ ఇంటి మొదటి అంతస్తును తేదీ ____ నాటి అద్దె ఒప్పందం ప్రకారం శ్రీమతి ____ గారికి అద్దెకిచ్చాను. ఆ భాగంలో సుమారు 120 చదరపు అడుగుల ముందు గదిలో ఆమె ____ అనే పేరుతో చీరల వ్యాపారం చేసుకోవడానికి, ఈ చిరునామాను జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ప్రధాన వ్యాపార స్థలంగా చూపించడానికి నాకు అభ్యంతరం లేదు. ఒప్పందంలో నివాసానికి మాత్రమే అన్న షరతు ఈ మేరకు వర్తించదు.

కింద తేదీ, ఊరు, సంతకం, సంతకం కింద పూర్తి పేరు, ఫోన్ నంబరు. మీ పేరు పాన్ కార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయించండి. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఎన్‌ఓసీలో ఒక్క పొడి అక్షరంగా ఉంటే అదొక ప్రశ్న అవుతుంది. మీ దరఖాస్తు కేంద్రం ఆఫీసుకి వెళ్లిందో రాష్ట్రం ఆఫీసుకి వెళ్లిందో ముందుగా తెలియదు. కేంద్రం ఆఫీసులో తెలుగు చదవలేనివారు ఉండొచ్చు కాబట్టి ఇదే విషయం ఇంగ్లీషులో రాయించుకోవడం మంచిది. తెలుగులో రాసినంత మాత్రాన చెల్లదని మాత్రం ఎక్కడా లేదు.

స్టాంపు పేపరు, నోటరీ గురించి ఇంత గందరగోళం ఎందుకంటే, సమ్మతి పత్రాన్నీ అఫిడవిట్‌నీ అందరూ కలిపేసి మాట్లాడతారు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు, అంటే సీబీఐసీ, 2025 ఏప్రిల్ 17న ఇచ్చిన 03/2025 ఉత్తర్వులో దీన్ని విడదీసింది. సమ్మతి పత్రం తెల్లకాగితం మీద ఉంటే చాలు. దానితో ఇచ్చినవారి గుర్తింపు పత్రం, యాజమాన్య పత్రం ఒకటి పెట్టాలి. అద్దె ఒప్పందమే దొరకని సందర్భంలో, స్థలం మీ అధీనంలో ఉందని చూపడానికి మీ పేరున ఉన్న కరెంటు బిల్లు వంటిదానితో పాటు ఇచ్చేది అఫిడవిట్. స్టాంపు పేపరు, నోటరీ లేదా మేజిస్ట్రేటు సంతకం దానికే కావాలి. అద్దె ఒప్పందం రిజిస్టర్ అయినదైతే ఓనరు గుర్తింపు పత్రం అడగకూడదు, రిజిస్టర్ కానిదైతే పెట్టాలి. ఓనరు పాన్ కార్డే కావాలని, ఓనరు ఆ ఇంట్లో నిలబడి దిగిన ఫొటో కావాలని అడగొద్దని కూడా అదే ఉత్తర్వు చెబుతోంది. జాబితాలో లేని పత్రం అడగాలంటే ఆఫీసరు తన పైఅధికారి, అంటే డిప్యూటీ లేదా అసిస్టెంట్ కమిషనర్ అనుమతి తీసుకోవాలి. ఇది కేంద్రం ఆఫీసర్లకు ఇచ్చిన ఉత్తర్వు. రాష్ట్రం ఆఫీసుకి జవాబిచ్చేటప్పుడు REG-01 పత్రాల జాబితానే చూపించండి, అది ఇద్దరికీ ఒకటే.

ఆఫీసులో పరిశీలన ముందు బల్ల మీదే జరుగుతుంది. దరఖాస్తులోని చిరునామా, ఒప్పందంలోని చిరునామా, బిల్లు మీది చిరునామా, ఎన్‌ఓసీలోని చిరునామా పక్కపక్కన పెట్టి చూస్తారు. హైదరాబాద్ ఇంటి నంబర్లతో ఇక్కడే తంటా వస్తుంది. 8-3-తో మొదలై మధ్యలో రెండు మూడు "బై"లు ఉండే నంబర్లలో చివరి "బై ఎ" ఒక కాగితంలో ఉండి ఇంకో కాగితంలో లేకపోతే అవి రెండు వేరే ఇళ్లు. ఫ్లాట్ నంబరు బిల్లు మీద ఉండదు, ఒప్పందంలో ఉంటుంది. ఇలాంటి తేడా ఉందని మీకు తెలిస్తే ఎన్‌ఓసీలోనే ఒక వాక్యం కలిపించండి: "కరెంటు బిల్లులో ఫలానా నంబరుగా ఉన్నదీ, ఆస్తిపన్ను రసీదులో ఫలానాగా ఉన్నదీ ఈ ఇల్లే" అని.

తరువాత పేర్లు. మీరు పెట్టిన రసీదు నకలును చూసి ఊరుకోరు. జీహెచ్ఎంసీ వెబ్‌సైటులో PTIN అనే ఆస్తిపన్ను నంబరు కొడితే యజమాని పేరు, ఇంటి నంబరు, బాకీ ఎంతుందో వస్తాయి. కరెంటు బిల్లు కూడా డిస్కం సైటులో సర్వీసు నంబరు కొడితే ఎవరి పేరున ఉందో తెలిసిపోతుంది. అందుకే పీడీఎఫ్‌లో పేరు మార్చి పెట్టే తెలివితేటలు రెండు నిమిషాల్లో బయటపడతాయి. ఆ పని మామూలు నోటీసుతో తేలేది కాదు. మీ కాగితాలు పెట్టేముందు మీరే ఆ నంబర్లు కొట్టి, ఆఫీసరుకి ఏం కనిపిస్తుందో చూసుకోండి. ఇది ఎవరూ చేయరు, కానీ చేస్తే చాలా నోటీసులు ఇక్కడే ఆగిపోతాయి.

ఆ తరువాత ఫోన్. ఎన్‌ఓసీ మీద ఓనరు నంబరు ఉంటే నేరుగా అడుగుతారు: ఈ కాగితం మీరిచ్చారా, దేనికి ఇచ్చారు, ఆమె ఎప్పటి నుంచి ఉంటున్నారు. పెద్దవయసు ఓనర్లు "ఏదో సంతకం పెట్టమంటే పెట్టానమ్మా" అంటే అక్కడితో ఆ కాగితం విలువ పోయినట్టే. సంతకం చేయించుకునే రోజే ఆయనకు చదివి వినిపించి, జీఎస్టీ ఆఫీసు నుంచి ఫోన్ రావచ్చని చెప్పి ఉంచండి.

ఆధార్ ధ్రువీకరణ కానివాళ్లకీ, పోర్టల్ లెక్కలో రిస్కు ఎక్కువ అని తేలినవాళ్లకీ స్థలం చూడటానికి మనిషి వస్తాడు. ఇది 25వ నియమం కింద. ఆ నివేదిక ఫొటోలతో సహా REG-30 ఫారంలో ఎక్కుతుంది. మీరు ఇంట్లో ఉండాలన్న నిబంధన ఇప్పుడు లేదు. కాబట్టి మీరు లేనప్పుడు వస్తే కింద ఉన్న ఓనరునో, పక్కింటివాళ్లనో అడిగి వెళ్తారు. ఎన్‌ఓసీలో "మొదటి అంతస్తు ముందు గది" అని ఉంటే ఆ గదే చూస్తారు. అందుకే ఏ భాగమో రాయమన్నది. చిన్న బోర్డు ఉంటే ఇల్లు దొరకడం తేలిక. రిజిస్ట్రేషన్ రాకముందే బోర్డు పెట్టాలని నియమం లేదు, వచ్చాక మాత్రం నంబరుతో సహా తప్పనిసరి.

ఇళ్లలో వ్యాపారం చేయకూడదు కదా, డొమెస్టిక్ మీటరు కదా అని నోటీసులో రాస్తే భయపడకండి. ఈ స్థలంలో ఈ వ్యాపారం కుదరదు అన్న ఊహతో ప్రశ్నలు వేయవద్దని పైన చెప్పిన ఉత్తర్వులోనే ఉంది. అయితే మీ ఓనరు భయం వేరు, అది అర్థం చేసుకోదగినది. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిస్తే డిస్కం కేటగిరీ మార్చి బిల్లు వేయొచ్చు, ఆస్తిపన్ను కూడా పెరగొచ్చు. ఆ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే మాట్లాడుకుంటే ఆయన ఎన్‌ఓసీ ధైర్యంగా ఇస్తారు, మధ్యలో వెనక్కి తీసుకోరు.

ఇప్పుడు మీ సంగతి. ఇల్లు ఓనరుగారి నాన్నగారి పేరున ఉండి, ఆయన లేనప్పుడు, కొడుకు ఒక్కడే యజమాని అని చట్టం వెంటనే అనుకోదు. తల్లి, తోబుట్టువులు ఉంటే వాళ్లకూ వాటా ఉండవచ్చు. "మా నాన్నగారి జీపీఏ నా దగ్గర ఉంది" అని కొందరు ఇస్తారు. ఇచ్చినవారు పోయాక ఆ జీపీఏతో ఎన్‌ఓసీ ఇవ్వలేరు.

ముందు ఓనరుని ఒకటి అడగండి: ఆస్తిపన్ను ఎవరి పేరున వస్తోంది? కరెంటు మీటరు పేరు మార్చుకోవడం చాలామంది మర్చిపోతారు, కానీ మునిసిపల్ రికార్డులో పేరు మార్చుకుని ఉంటారు. అలా ఉంటే మీ పని అయిపోయింది. యాజమాన్యానికి పత్రం ఒక్కటే చాలు కాబట్టి కరెంటు బిల్లు పక్కన పెట్టి తాజా ఆస్తిపన్ను రసీదు పెట్టండి. తండ్రి వీలునామానో, సెటిల్‌మెంట్ దస్తావేజో, భాగపరిష్కారమో రిజిస్టర్ అయి ఉంటే అదీ పనికొస్తుంది.

రెండూ తండ్రి పేరునే ఉంటే, డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. సర్టిఫికెట్‌లో ఉన్న వారసులందరూ, ఉదాహరణకు తల్లి, అక్క, ఓనరు, ఒకే ఎన్‌ఓసీ మీద సంతకం చేయాలి. కాగితం మొదట్లో "ఈ ఇంటి యజమాని ఫలానావారు ఫలానా తేదీన మరణించారు, మేము ఆయన వారసులం" అని ఉండాలి. అప్పుడు బిల్లు మీది పేరు నుంచి సంతకాల దాకా దారి తెగకుండా ఉంటుంది. అక్క అమెరికాలో ఉంటే ఆమె సంతకం చేసి స్కాన్ పంపిన కాగితాన్ని, ఆమె గుర్తింపు పత్రంతో జతచేయండి. అద్దె ఒప్పందం కూడా కొడుకు ఒక్కడే రాసి ఉంటే, అద్దెకివ్వడానికి మిగతావాళ్లకి సమ్మతమేనని ఆ ఎన్‌ఓసీలోనే రాయించండి.

గడువు చూసుకోండి. REG-03 అందాక ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి. సోమవారం అందితే, శని ఆదివారాలు తీసేసి, మధ్యలో సెలవు లేకపోతే, వచ్చేవారం బుధవారం ఆఖరు. పోర్టల్‌లో Services, అందులో Registration, అందులో Application for Filing Clarifications తెరవండి. దరఖాస్తులో మార్పు చేయాలా అని అడిగినచోట Yes పెట్టండి. No పెడితే జవాబు రాయగలరు కానీ పాత చిరునామా పేజీని, డ్రాప్‌డౌన్‌ని సరిదిద్దలేరు. జవాబులో కథ వద్దు. ఏ ప్రశ్నకి ఏ పత్రం పెట్టారో వరుసగా మూడు వాక్యాలు చాలు: బిల్లు మీది పేరు తండ్రిది, ఆయన మరణ ధ్రువపత్రం ఇది, వారసులు వీరు, అందరూ సంతకం చేసిన ఎన్‌ఓసీ ఇది. స్కాన్ చదవగలిగేలా ఉందో లేదో డౌన్‌లోడ్ చేసి ఒకసారి చూడండి. మసక స్కాన్ వల్ల తిరస్కరించినవి తక్కువేమీ కావు.

మీ జవాబు అందాక ఆఫీసరుకి ఏడు పనిదినాలు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోలేదంటే ఈ గడువులో రావడం కష్టం. అలాంటప్పుడు ఉన్న కాగితాలతో ఏదో అతికించి పంపకండి. REG-05తో తిరస్కరించినా మళ్లీ కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. కాగితాలన్నీ చేతిలోకి వచ్చాక చేయండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా ఈ ఎన్‌ఓసీ బతికే ఉండాలి. ఓనరు వెనక్కి తీసుకుంటున్నానని ఆఫీసుకి ఉత్తరం రాస్తే, లేదా చూడటానికి వచ్చినవారికి అక్కడ వ్యాపారం కనిపించకపోతే, రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని REG-17 నోటీసు వస్తుంది, దానికి జవాబివ్వడానికీ ఏడు పనిదినాలే. ఇల్లు మారితే కొత్త ఇంటి కాగితాలతో పదిహేను రోజుల్లో REG-14లో చిరునామా మార్చుకోండి. అప్పుడు కూడా పైన చెప్పిన పేర్లు, నంబర్ల పరిశీలన అంతా మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది.